దుబాసీ బోను పక్కన నిలబడిన కథ

(శ్రీకాకుళంలో జరిగిన ఒక కథల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. నన్ను ఒక కథ చెప్పమన్నారు. ఎలా రాశానో కూడా చెప్పమన్నారు. కథ చెబుతాను. ఎలా రాశానన్నది దాన్లోనే మధ్యమధ్యలో వస్తుంది. నేను ఈ జిల్లాలో క్రిమినల్ వైపు పనిచేసిన వకీలుని, మీలో కొందరికి తెలుసు. కథలో మనుషులు కల్పితం. కేసు కల్పితం. కోర్టు నడిచే పద్ధతి మాత్రం ఉన్నది ఉన్నట్టే పెట్టాను, ఎందుకంటే ఈ కథంతా ఆ పద్ధతి మీదే నడుస్తుంది.

కథాకాలం 1990ల చివర. అప్పటికి సీతంపేట కొండలు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి కదా, అది తర్వాతి సంగతి. ఒక సవర గూడెం. ఇద్దరు బావ బావమరుదులు. ఇద్దరి మధ్యా ఒక జీడితోట తగాదా. ఒకనాడు సంతలో గట్టిగా అరుచుకున్నారు, అది అందరూ విన్నారు. మర్నాడు పొద్దున్న గట్టు కింద బావ శవం కనిపించింది. తలమీద దెబ్బ. బావమరిదిని పట్టుకెళ్ళారు. చనిపోయినవాడి భార్య ఎవరండీ? ముద్దాయికి సొంత చెల్లెలు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నవి మూడు. సంతలో తగాదా ఒకటి. సాయంత్రం ఇద్దరూ కలిసి గట్టువైపు వెళ్ళడం చూశానన్న సాక్షి ఒకడు. ముద్దాయి చూపించగా దొరికిందని చెప్పిన గొడ్డలి ఒకటి. కళ్ళతో చూసినవాడు ఎవడూ లేడు. అంటే సందర్భ సాక్ష్యం మీద నడిచే కేసు. ఇలాంటి కేసులో ముద్దాయి నోట్లోంచి వచ్చే ఒక్కో మాటా ఎంత బరువో ఇక్కడున్న వకీళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు భాష సంగతి. సవర భాష మన తెలుగుకి చుట్టం కాదండి. పక్కనున్న ఒడియాకీ కాదు. అది ముండా భాషల్లోది. తెలుగు తెలిసినవాడు కన్నడం విని కొంత ఊహించవచ్చు, సవర విని ఊహించలేడు. 2011 జనగణన ప్రకారం దేశంలో నాలుగు లక్షల పైచిలుకు మంది మాట్లాడతారు, ఎక్కువమంది ఒడిశాలో. మన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉంటూ ఈ భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. మన ఊరి పక్క పర్వతాలపేటలో పుట్టిన మనిషి. మనం ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం, మంచిదే. ఆయన ఏళ్ళ తరబడి సవర గూడేలవాళ్ళతో మాట్లాడి రాసుకున్న పని కూడా ఆ రోజున తలుచుకోవాలని నా కోరిక.

సరే, కథలోకి వస్తున్నాను.

మొదట్లో ఈ కేసుకి దుబాసీ లేడు. ఎందుకు లేడు? చార్జి చదివిన రోజున ముద్దాయిని అడిగారు, "తెలుగు వచ్చా?" అని. "వచ్చు" అన్నాడు. అబద్ధం కాదు. వాడికి సంత తెలుగు వచ్చు. చింతపండు వీశె ఎంత, పసుపు ఎంత, ఉప్పు ఇవ్వు, బస్సు ఎప్పుడు, దండాలు బాబూ. ఇంతవరకూ వచ్చు. దాంతో ముగ్గురు సాక్షుల విచారణ అయిపోయింది. వాడు బోనులో నిలబడి ప్రతిదానికీ తలూపాడు. తలూపితే అర్థమైనట్టే అనుకున్నారు అందరూ. వాడి వకీలు కూడా అలాగే అనుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు అవునా కాదా అని తేలిపోయే ప్రశ్న అడిగితే భాష రానివాడు కూడా జవాబు చెప్పగలడు. మీ ముఖం చూసి, మీ గొంతు విని తలూపుతాడు. అదే "నిన్న రాత్రి ఏం తిన్నావు, ఎవరు వండారు, ఇక్కడికి ఎవరితో వచ్చావు" అని అడగండి. వాడు తన మాటల్లో నాలుగు వాక్యాలు చెప్పగలిగితే భాష వచ్చినట్టు. మళ్ళీ "అవును బాబూ" అంటే రానట్టు. నా కథలో బదిలీ మీద కొత్తగా వచ్చిన సెషన్స్ జడ్జిగారు ఇదే చేశారు. ముద్దాయిని "నిన్ను జైల్లో చూడ్డానికి ఎవరొచ్చారు?" అని అడిగారు. వాడు "అవును బాబూ" అన్నాడు. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

చట్టం ఏమంటోంది? క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం ఇస్తే, అతను కోర్టులో ఉంటే, బహిరంగ కోర్టులో అతనికి తెలిసిన భాషలో దాన్ని చెప్పి తీరాలి. "తీరాలి" అనే అంటోందండి, వీలుంటే అని కాదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కదా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దాన్లో ఇదే మాట 314లో ఉంది. నంబరు మారింది, బాధ్యత మారలేదు.

జడ్జిగారు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి ఉత్తరం రాశారు, సవర బాగా తెలిసిన మనిషిని పంపండని. వాళ్ళు ఎవరిని పంపారు? ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒక సవర టీచరమ్మని. బీఈడీ చదివింది. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఆ అమ్మాయే నా కథకి నాయిక. పేరు పెట్టలేదు నేను. కోర్టు కాగితాల్లో "అనువాదకురాలు" అని మాత్రమే ఉంటుంది కాబట్టి కథలోనూ అలాగే ఉంచాను.

ఆమె ఎంత భయపడి ఉంటుందో ఆలోచించండి. నల్లకోట్లు, పైన జడ్జి, కింద టైపు మిషను చప్పుడు, ఒక మనిషి జీవితం. ఆమెకి దుబాసీ పని ఎవరూ నేర్పలేదు. బెంచి క్లర్కు పక్కకి పిలిచి ఒక్కటే చెప్పాడు: "అమ్మా, వాళ్ళు చెప్పింది చెప్పు. నీది ఏమీ కలపకు, ఏమీ తీయకు." నాకు తెలిసి అంతకన్నా మంచి శిక్షణ లేదు. కానీ ఆ ఒక్క మాటని పాటించడం ఎంత కష్టమో చూపించడానికే నేను కథ రాశాను.

ఆమెతో ప్రమాణం చేయించారు. సాక్షికే కాదండి, దుబాసీకీ ప్రమాణం ఉంది. 1969 ప్రమాణాల చట్టంలో దుబాసీకి వేరే నమూనా ఉంది: సాక్షులను అడిగిన ప్రశ్నల్నీ, వాళ్ళిచ్చిన జవాబుల్నీ సరిగ్గా, నిజంగా అనువదిస్తానని. ఆ తర్వాత పాత సాక్షుల వాంగ్మూలాలు ముద్దాయికి సవరలో చదివి చెప్పింది. ఆ కలిసి వెళ్ళడం చూశానన్న సాక్షిని జడ్జిగారు మళ్ళీ పిలిపించారు. అప్పుడు మొదటిసారి ముద్దాయి తలూపడం మానేశాడు. తన వకీలుని చూసి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఏడాదిగా నడుస్తున్న కేసులో తన మీద ఎవరేం చెప్పారో వాడు వినడం ఆ రోజే.

ఇక్కడ ఆమె మొదటి చిక్కు. ముద్దాయి ఆమెనే అడిగాడు: "నువ్వు ఎవరి కూతురివమ్మా? మీది ఏ గూడెం?"

ఇప్పుడు ఏం చేయాలి? మనమైతే ఏం చేస్తాం? మెల్లిగా జవాబు చెప్పేస్తాం, లేకపోతే ఊరుకోమని సైగ చేస్తాం. ఆమె అలా చేయలేదు. జడ్జిగారి వైపు తిరిగి తెలుగులో చెప్పింది, "నువ్వు ఎవరి కూతురివి, ఏ గూడెం అని నన్ను అడుగుతున్నాడండి" అని. కోర్టులో కొందరు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "చెప్పమ్మా" అన్నారు. ఆమె తన గూడెం పేరు చెప్పింది, ఇద్దరికీ చుట్టరికం లేదని కూడా కోర్టుకి చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే పి.పి.గారికి కూడా ఇది తెలియాల్సిందే కదా? దుబాసీకీ ముద్దాయికీ మధ్య కోర్టుకి తెలియని మాట ఒక్కటి నడిచినా, ఆ తర్వాత వచ్చే ప్రతి జవాబు మీదా అనుమానం పడుతుంది. ఏదో నేర్పింది అంటారు. అందుకని ఆమెతో అన్న మాట కూడా అనువాదంలోకి రావాలి.

రెండో చిక్కు, "నేను" అనడం. కొత్తగా ఈ పని చేసేవాళ్ళు అందరూ ఎలా చెబుతారు? "అతను ఇంటికెళ్ళానంటున్నాడండి" అని. సహజంగానే ఉంటుంది. కానీ ఈ కేసులో ఎంతమంది "అతను"లు ఉన్నారో చూడండి. ముద్దాయి ఒక అతను. చనిపోయినవాడు ఒక అతను. సాక్షి ఒక అతను. "అతను అతన్ని చూశానన్నాడని అంటున్నాడండి" అంటే స్టెనో ఏం టైపు చేస్తాడు? అందుకే దుబాసీ "నేను" అనే చెప్పాలి. ముద్దాయి "నేను వెళ్ళాను" అంటే దుబాసీ కూడా "నేను వెళ్ళాను" అనాలి. తన సొంత మాట చెప్పాల్సి వస్తే మాత్రం "ఇది దుబాసీ మాట" అని ముందు చెప్పి చెప్పాలి. మన టీచరమ్మకి ఒక హత్య కేసులో బోను పక్కన నిలబడి "నేను" అనడానికి నోరు రాలేదు. మొదటి రోజంతా "ఇతను అంటున్నాడు" అనే చెప్పింది. రెండో రోజు జడ్జిగారే చెప్పి మార్పించారు. ఆ మార్పు లేకపోతే తర్వాత జరిగేది జరిగేదే కాదు.

ఇప్పుడు అసలు ఘట్టం. 313.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రాసిక్యూషన్ సాక్షులందరూ అయ్యాక, జడ్జిగారే ముద్దాయిని నేరుగా ప్రశ్నిస్తారు. నీ మీద ఈ సాక్ష్యం వచ్చింది, ఏమంటావు అని. పాత చట్టంలో 313, కొత్తదాన్లో 351. ముద్దాయికి ప్రమాణం ఉండదు. జవాబు చెప్పకపోతే శిక్ష ఉండదు, తప్పు జవాబు చెప్పినా ఉండదు. కానీ చెప్పిన జవాబుని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. ఒక్క దానిమీదే శిక్ష వేయకూడదు గానీ, మిగతా సాక్ష్యానికి బలంగా వాడుకోవచ్చు.

మామూలుగా ఇది ఎలా నడుస్తుందో మనకి తెలుసు. ముందే టైపు చేసిన ప్రశ్నలు. "ఫలానా రోజు సంతలో నువ్వూ మృతుడూ కల్లు తాగి జీడితోట గురించి గొడవ పడ్డారనీ, నువ్వు చంపుతానని బెదిరించావనీ, సాయంత్రం ఇద్దరూ కలిసి గట్టువైపు వెళ్ళారనీ సాక్షి చెబుతున్నాడు, ఏమంటావు?" ముద్దాయి "అబద్ధం" అంటాడు. తర్వాతి ప్రశ్న. "అబద్ధం." అయిపోయింది.

ఆ ప్రశ్నలో ఎన్ని సంగతులున్నాయండీ? కల్లు తాగడం, గొడవ, బెదిరింపు, కలిసి వెళ్ళడం. నాలుగు. మన ముద్దాయి కల్లు తాగాడు. గొడవపడ్డాడు. బెదిరించలేదు. కలిసి వెళ్ళలేదు. వాడు అవును అనాలా, కాదు అనాలా? 1951లోనే తారాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇలా సంగతులన్నీ దండలా గుచ్చి ఒకేసారి ఏమంటావని అడగడం సరిపోదు, ఒక్కో ముఖ్యమైన విషయాన్నీ విడివిడిగా అడగాలని. తెలుగు వచ్చినవాడికే ఇది అవసరమైతే, మధ్యలో దుబాసీ ఉన్నవాడికి ఎంత అవసరం? టీచరమ్మ ఆ పొడవాటి ప్రశ్నని సవరలోకి తిప్పబోయి ఆగిపోయింది. "ఇది దుబాసీ మాటండి. ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. విడిగా అడిగితే విడిగా చెప్పగలను" అంది. జడ్జిగారు విడగొట్టారు.

మొదటి మూడింటికీ జవాబులు శుభ్రంగా వచ్చాయి. తాగాను. తిట్టుకున్నాం. చంపుతానని అనలేదు, తోట కొట్టేస్తానన్నాను. ఇక నాలుగోది. "సాయంత్రం నువ్వు అతనితో కలిసి గట్టువైపు వెళ్ళావా?"

ముద్దాయి చెప్పాడు, ఆమె "నేను" అంటూ తెలుగులో చెప్పింది:

"లేదు. నేను ముందే ఇంటికి వచ్చేశాను. దెబ్బ తగిలాక మా బావే నాతో మాట్లాడాడు. నువ్వు కొట్టలేదు అన్నాడు. చీకట్లో కాలు జారి రాయిమీద పడ్డానన్నాడు."

కోర్టు అంతా ఒక్కసారి తలెత్తింది. స్టెనో ఇంగ్లీషులో టైపు చేశాడు. అర్థమేమిటి? దెబ్బ తగిలాక మృతుడు ముద్దాయితో మాట్లాడాడు. అంటే? ముద్దాయి అక్కడ ఉన్నాడు! ఇంటికొచ్చేశానంటూనే, దెబ్బతిన్న మనిషితో మాట్లాడానంటున్నాడు. ప్రాసిక్యూషన్‌కి ఏడాదిగా దొరకని ముక్క, ఘటనా స్థలంలో ముద్దాయి ఉన్నాడన్న ముక్క, వాడి నోటి నుంచే వచ్చింది. పి.పి.గారు ఆ వాక్యం కింద గీత గీసుకున్నారు. ముద్దాయి వకీలుకి చెమట పట్టింది.

ఇప్పుడు వినండి. ఆమె తప్పు చెప్పలేదు. ముద్దాయి అన్న మాట సరిగ్గా అదే. ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు. అయినా కోర్టు విన్నది వాడు చెప్పినది కాదు.

ఎందుకంటే, సవరల్లో పాత సంప్రదాయంలో ఉన్న కుటుంబాలలో చనిపోయినవాళ్ళు మాట్లాడతారు. శవాన్ని దహనం చేశాక, పూనకంలోకి వెళ్ళే మనిషి, చాలాసార్లు ఒక పెద్దావిడ, చచ్చినవాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుంటారు. ఏడుస్తారు, నిలదీస్తారు, దెబ్బలాడతారు కూడా. ఎలా పోయావు, ఎవరు చేశారు, నీ అప్పు ఎవరికి ఇవ్వాలి అని అడుగుతారు. చనిపోయినవాడు జవాబు చెబుతాడు. వాళ్ళకి అది ఆ మనిషితో మాట్లాడటమే. ముద్దాయి దాన్ని వేరుగా ఎందుకు చెబుతాడు? బావ మాట్లాడాడు, అంతే. ఇక్కడ విన్నవాళ్ళందరికీ ఇది తెలియదని వాడికి తెలియదు.

టీచరమ్మకి తెలుసా? సగం తెలుసు. వాళ్ళ నాన్న కాలంలోనే ఇంట్లో క్రైస్తవం వచ్చింది. ఆమె అలాంటి చోట ఎప్పుడూ కూర్చోలేదు. నాయనమ్మ చెబుతుంటే విన్నది. కాబట్టి ఆమెకి అనుమానం వచ్చింది, రూఢిగా తెలియదు. ఇది నేను కావాలనే పెట్టాను. రూఢిగా తెలిస్తే కథ తేలికైపోతుంది. తెలిసీ తెలియని చోటే దుబాసీ నిజాయితీ బయటపడుతుంది.

ఆమె ముందు మూడు దారులున్నాయి. ఒకటి, తనే కలిపేయడం: "పూనకంలో మాట్లాడాడు" అనేయడం. ముద్దాయిని కాపాడినట్టే ఉంటుంది. కానీ వాడు ఆ మాట అనలేదు. తన ఊహని వాడి నోట్లో పెట్టినట్టు. ఊహ తప్పైతే? నిజంగానే వాడు గట్టు దగ్గర ఉండి ఉంటే? రెండోది, ఊరుకోవడం. చెప్పింది చెప్పాను, నా పని అయిపోయింది అనుకోవడం. బెంచి క్లర్కు చెప్పిన మాటకి అక్షరాలా కట్టుబడటం. ఎవరూ తప్పు పట్టరు. మూడోది, ఆమె చేసింది.

"అయ్యా, ఇది దుబాసీ మాట, ముద్దాయి మాట కాదు. ఈ జవాబు కోర్టువారికి వేరేగా అర్థమయ్యే అవకాశం ఉందని నాకనిపిస్తోంది. బావ ఎప్పుడు మాట్లాడాడు, ఎక్కడ మాట్లాడాడు, ఎవరి నోటితో మాట్లాడాడు అని అడగమని కోరుతున్నాను."

చూశారా? వివరం చెప్పలేదు. ప్రశ్న కోరింది. వివరం చెప్పాల్సింది ముద్దాయి, అడగాల్సింది జడ్జి. పొరపాటు జరుగుతోందేమో అని చెప్పడం వరకే దుబాసీ పని. 282వ సెక్షన్ దుబాసీ నిజమైన అనువాదం చెప్పాలని అంటుంది, కొత్తదాన్లో అది 317. నా ఉద్దేశంలో, విన్నవాడు తప్పుగా అర్థం చేసుకుంటున్నాడని తెలిసీ ఊరుకుంటే ఆ అనువాదం నిజం కాదు. మీరు ఒప్పుకోకపోవచ్చు. పి.పి.గారు కథలో ఒప్పుకోలేదు. లేచి అభ్యంతరం చెప్పారు, అనువాదకురాలు ముద్దాయికి దారి చూపిస్తోందని. జడ్జిగారు ఆ అభ్యంతరం రాసుకుని, ప్రశ్నలు తనే వేశారు.

"ఎప్పుడు మాట్లాడాడు?" "కాల్చేశాక, కొన్ని రోజులకి."

"ఎక్కడ?" "మా చెల్లి ఇంట్లో."

"ఎవరి నోటితో?" "ముసలమ్మ నోటితో."

"ఇంకెవరైనా విన్నారా?" "ఊరంతా విన్నారు. మా చెల్లి పక్కనే కూర్చుంది."

కథలో ఈ నాలుగు ప్రశ్నలూ జవాబులూ నేను అలాగే పెట్టాను, ఒక్క వర్ణన కూడా లేకుండా. రికార్డులో కూడా అలాగే ఉంటాయి కాబట్టి. ఇక్కడ చట్టంలో ఒక మంచి సంగతి ఉంది. మామూలు సాక్షి వాంగ్మూలాన్ని సెషన్స్ కోర్టులో మామూలుగా కథనంలా రాస్తారు, ప్రశ్న కనిపించదు, జవాబులన్నీ కలిపి "నేను చూశాను, నేను వెళ్ళాను" అని వరసగా ఉంటుంది. ముద్దాయి విషయంలో అలా కాదు. పాత చట్టంలో 281, కొత్తదాన్లో 316వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రశ్న, ప్రతి జవాబు పూర్తిగా రాయాలి. అలా రాశారు కాబట్టి రేపు హైకోర్టులో చదివేవాళ్ళకి కూడా ఏ ప్రశ్నకి ఏ జవాబు వచ్చిందో కనిపిస్తుంది. కథనంలా కలిపి రాసేస్తే "దెబ్బ తగిలాక మృతుడు నాతో మాట్లాడాడు" అన్న వాక్యం ఒక్కటీ విడిగా నిలబడిపోయేది.

అదే సెక్షన్లో ఇంకొకటి ఉంది, చాలామంది వకీళ్ళు కూడా తొందరలో వదిలేస్తారు. రాసిన దాన్ని ముద్దాయికి అతని భాషలో మళ్ళీ వినిపించాలి. విన్నాక తన జవాబుల్ని వివరించడానికి, ఇంకేమైనా కలపడానికి అతనికి స్వేచ్ఛ ఉంది. సాయంత్రం అయిపోతుంది, అందరికీ ఇంటికెళ్ళాలని ఉంటుంది, కాగితం మీద వేలిముద్ర వేయించేస్తారు. నా కథలో టీచరమ్మ మొదటి పేజీ నుంచీ చదవడం మొదలుపెట్టింది. గొడ్డలి దగ్గరికి వచ్చింది. "ఈ గొడ్డలి నీదేనా?" అన్న ప్రశ్నకి "నాదే" అని జవాబు. తర్వాతి ప్రశ్న, "నువ్వు చూపించగా పోలీసులు దీన్ని స్వాధీనం చేసుకున్నారు, ఏమంటావు?" దానికి కూడా "అవును, నాదే" అని రాసి ఉంది. వినగానే ముద్దాయి చెయ్యెత్తాడు. "నాదే. కానీ నేను చూపించలేదు. మా ఇంటి చూరులోంచి వాళ్ళే తీసుకున్నారు. నన్ను అప్పటికే కిందకి తీసుకొచ్చేశారు."

దాన్ని కూడా కలిపారు. అప్పుడు జడ్జిగారు, గొడ్డలి స్వాధీనం గురించి పోలీసులు రాయించిన మధ్యవర్తుల నివేదిక తీసి చూశారు. ముద్దాయి ఇచ్చాడన్న ఒప్పుకోలు అందులో చక్కటి తెలుగులో ఉంది. "నేను గొడ్డలిని ఫలానా చోట దాచితిని, నా వెంట వచ్చినచో చూపగలను." దాని కింద వేలిముద్ర. జైలుకి ఎవరొచ్చారో తెలుగులో చెప్పలేనివాడు ఈ వాక్యం ఎవరికి చెప్పాడు? మధ్యలో ఎవరు అనువదించారు? నివేదికలో దుబాసీ పేరు లేదు. దర్యాప్తు అధికారిని మళ్ళీ పిలిచి అడిగితే, ఒక కానిస్టేబుల్‌కి సవర వచ్చునన్నాడు. ఆ కానిస్టేబుల్ సాక్షుల జాబితాలోనే లేడు.

తర్వాతిది త్వరగా చెబుతాను. ముద్దాయి తరఫు సాక్షిగా వాడి చెల్లెలు వచ్చింది. చనిపోయినవాడి భార్య, బోనులో అన్నకి సాక్షి. మా ఆయన ముసలమ్మ నోటితో మాట్లాడాడు, అన్న కొట్టలేదన్నాడు, నేను విన్నాను అంది. టీచరమ్మ అనువదించింది. ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే కథ చదివిన కొందరు పొరబడ్డారు. కోర్టు ఆ మాటని నిజమని నమ్మలేదు. నమ్మకూడదు కూడా. మరణ వాంగ్మూలం అంటే మనిషి చావకముందు చెప్పింది, చచ్చాక ఇంకొకరి నోట వచ్చింది కాదు. చెల్లెలి సాక్ష్యం పనికొచ్చింది ఒక్క దానికే: ముద్దాయి జవాబు దేని గురించో తేల్చడానికి. అది గట్టు దగ్గర జరిగిన మాట కాదు, ఇంట్లో జరిగిన మాట. ఘటనా స్థలంలో ఉన్నానని వాడు ఒప్పుకోలేదు. అంతవరకే. అంతకుమించి ఒక్క అంగుళం కూడా జడ్జిగారు ముందుకెళ్ళలేదు. నేనూ వెళ్ళనివ్వలేదు.

ఇద్దరూ కలిసి వెళ్ళడం చూశానన్న సాక్షి రెండోసారి దూరం తేల్చి చెప్పలేకపోయాడు. గొడ్డలి నిలబడలేదు. మిగిలింది సంతలో తగాదా. దానిమీద హత్యానేరం రుజువు కాదు. విడుదల చేశారు.

ఒక మాస్టారు చీటీ పంపారు. చదువుతాను. "ఆ అమ్మాయికి ఆచారం తెలుసు కదా, కోర్టుకి ఆచారం తెలియదు కదా. ప్రశ్నలు కోరే బదులు తనే నేరుగా వివరించి ఉంటే ఏమయ్యేది?" మంచి ప్రశ్న మాస్టారూ. చెబుతాను. ఆమె వివరించిన క్షణం నుంచి ఆమె దుబాసీ కాదు, సాక్షి అవుతుంది. సవరల ఆచారం గురించి చెప్పే సాక్షి. అప్పుడు పి.పి.గారికి ఆమెని క్రాస్ చేసే హక్కు వస్తుంది. మొదటి ప్రశ్న ఏమడుగుతారు? "నువ్వు ఎప్పుడైనా అలాంటి చోట కూర్చున్నావా?" ఆమె నిజం చెప్పాలి: లేదు, మాది క్రైస్తవ కుటుంబం, నాయనమ్మ చెప్పగా విన్నాను. ఆ జవాబుతో ఆమె చెప్పిందంతా విన్న మాటగా తేలిపోతుంది. అంతేకాదు, ఒకే మనిషి సాక్షిగా ఉంటూ దుబాసీగా కొనసాగడం కుదరదు కాబట్టి కోర్టు ఇంకో దుబాసీని వెతకాలి. ఆ జిల్లాలో ఆమెని వెతకడానికే అన్నాళ్ళు పట్టింది. వాయిదా పడుతుంది, ముద్దాయి జైల్లో ఉంటాడు. ప్రశ్న కోరడం వల్ల ఆ సంగతిని అక్కడ కూర్చుని కళ్ళారా చూసిన చెల్లెలు వచ్చి చెప్పింది. ఆమెని పి.పి.గారు గంటసేపు క్రాస్ చేశారు. ఆ గంటసేపూ టీచరమ్మ రెండు వైపులా అనువదిస్తూనే ఉంది.